తీసేసి మళ్లీ కలిపిన మలినం

మాలా-ఎన్ అట్టమీద 28 మాత్రలుంటాయి. మొదటి 21 తెల్లనివి, చివరి 7 గోధుమరంగువి. తెల్ల మాత్ర ఒక్కోదానిలో రెండు హార్మోన్లుంటాయి. లెవోనార్జెస్ట్రెల్ 0.15 మిల్లీగ్రాములు, ఎథినైల్ ఈస్ట్రడయాల్ 0.03 మిల్లీగ్రాములు. గర్భం రాకుండా ఆపే పనిలో పెద్ద వాటా మొదటిదానిదే. అది ప్రొజెస్టిన్ జాతి. రెండోది ఈస్ట్రోజెన్. మాత్ర కనిపెట్టినవాళ్లు మొదట్లో ఈస్ట్రోజెన్‌ను కావాలని వెయ్యలేదు, అసలు వద్దనుకున్నారు. అది తయారీలో మిగిలిపోయిన మలినంగా లోపలికి వచ్చింది. దాన్ని శుభ్రంగా తీసేశాక ఆడవాళ్లకు నెల మధ్యలో రక్తం కనిపించడం ఎక్కువైంది. దాంతో తీసినదాన్నే తూకం వేసి మళ్లీ కలిపారు. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఈ రోజు ఆశా కార్యకర్త సంచిలోంచి తీసి ఇచ్చే అట్ట వెనక ఈ కథ ఉంది. మాత్ర మరిచిపోయిన రెండో రోజునో మూడో రోజునో మరక ఎందుకు కనిపిస్తుందో ఈ కథ తెలిస్తే అర్థమవుతుంది.

1950ల మొదట్లో అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో గ్రెగరీ పింకస్ అనే శాస్త్రవేత్త, ఆయనతోపాటు మిన్ చుయే చాంగ్, జంతువుల మీద ఒక ప్రయోగం నడుపుతున్నారు. గర్భం నిలిచాక ఆడవాళ్ల ఒంట్లో ప్రొజెస్టెరోన్ అనే హార్మోను ఎక్కువగా ఉంటుంది. అది ఉన్నంతకాలం కొత్త అండం విడుదల కాదు. అదే హార్మోను బయటినుంచి ఇస్తే గర్భం లేకుండానే అండం ఆగుతుందా అన్నది వాళ్ల ప్రశ్న. కుందేళ్లలో ఆగింది. కుటుంబ నియంత్రణ ఉద్యమకారిణి మార్గరెట్ శాంగర్ అడిగితే, క్యాథరిన్ మెక్‌కార్మిక్ తన సొంత ఆస్తిలోంచి డబ్బు పెడితే, పని మనుషుల దాకా వచ్చింది. పింకస్ డాక్టరు కాదు కాబట్టి జాన్ రాక్ అనే స్త్రీవైద్యుడు తోడయ్యాడు. పిల్లలు లేక తన దగ్గరికి వచ్చే ఆడవాళ్లకు రాక్ ప్రొజెస్టెరోన్ మాత్రలిచ్చి చూశాడు.

అసలు ప్రొజెస్టెరోన్ నోటితో మింగితే ఒంటికి పట్టేది కొంచెమే. అందుకని రోజుకు 300 మిల్లీగ్రాముల దాకా ఇవ్వాల్సి వచ్చింది. అంత ఇచ్చినా అందరిలో అండం ఆగలేదు. పైగా అయిదుగురిలో ఒకరికి నెలసరి రాకముందే, మాత్రలు వేసుకుంటూ ఉండగానే రక్తం కనిపించింది. మందు పనిచేయకపోవడం ఒక ఇబ్బంది అయితే, పనిచేసినా మధ్యలో రక్తం కనిపించడం ఇంకో ఇబ్బంది. ఎప్పుడు మొదలవుతుందో తెలియని రక్తాన్ని ఏ ఆడమనిషీ నెలల తరబడి భరించదు, మాత్ర పక్కన పెట్టేస్తుంది. ఆ సంగతి రాక్‌కు రోజూ రోగులను చూస్తూ ఉండడం వల్ల బాగా తెలుసు.

అప్పటికే రసాయన శాస్త్రవేత్తలు కొంచెం మోతాదుతోనే పనిచేసే కొత్తరకం ప్రొజెస్టిన్లు తయారుచేశారు. 1951లో మెక్సికో నగరంలో సింటెక్స్ కంపెనీలో లూయిస్ మిరామోంటెస్, కార్ల్ జెరాసి, జార్జ్ రోజెన్‌క్రాంజ్ కలిసి నోరెథిస్టెరోన్ చేశారు. షికాగో దగ్గర సర్ల్ కంపెనీలో ఫ్రాంక్ కోల్టన్ నోరెథినోడ్రెల్ చేశాడు. 1954 డిసెంబరులో రాక్ 50 మంది ఆడవాళ్ల మీద ఈ కొత్త మందులను పరీక్షించడం మొదలుపెట్టాడు. సర్ల్ వాళ్ల నోరెథినోడ్రెల్ బాగా నచ్చింది. అండం ఆగింది, మధ్యలో రక్తమూ తక్కువే.

తక్కువ ఎందుకో మాత్రం వాళ్లు ఊహించలేదు. ఆ మందు తయారుచేసే దారిలో మధ్యలో మెస్ట్రనాల్ అనే పదార్థం వస్తుంది. అది ఈస్ట్రోజెన్. చివరికి అంతా మారిపోవాలి గానీ కొంత మారకుండా మిగిలిపోయింది. రాక్ వాడిన మందులో నూటికి నాలుగు నుంచి ఏడు వంతులు ఇదే ఉందని తరవాత తేలింది. ప్రొజెస్టిన్ ఒక్కటే ఇస్తున్నామనుకున్నవాళ్లు నిజానికి రెండూ కలిపి ఇస్తున్నారన్నమాట.

మలినం అంటే తీసెయ్యాలి కదా. మందును శుద్ధిచేసి, మెస్ట్రనాల్‌ను నూటికి ఒక వంతు కంటే తక్కువకు దించారు. మందు శుద్ధమైంది, మధ్యలో రక్తం మొదలైంది. అక్కడ వాళ్లు చేసిన పని చూస్తే నాకు ఇప్పటికీ గౌరవం కలుగుతుంది. తమ మందు తప్పు చేసిందనో, ఆడవాళ్ల ఒళ్లు తప్పనో అనలేదు. తీసేసినదేదో మేలు చేస్తోందని ఒప్పుకుని, రక్తం రాకుండా ఉండే పాళ్లు చూసుకుని, నూటికి రెండుకు కాస్త పైన వంతు మెస్ట్రనాల్‌ను తిరిగి కలిపారు. ఆ కలిపిన మాత్రతోనే 1956లో పెద్ద పరీక్షకు దిగారు. తరవాత ఎనొవిడ్ పేరుతో అమ్మిన మాత్రలో 9.85 మిల్లీగ్రాముల నోరెథినోడ్రెల్, 0.15 మిల్లీగ్రాముల మెస్ట్రనాల్ ఉండేవి. కలిపి సరిగ్గా 10 మిల్లీగ్రాములు. 1957లో నెలసరి ఇబ్బందులకు మందుగా, 1960లో గర్భనిరోధక మాత్రగా అమెరికాలో దానికి అనుమతి వచ్చింది.

ఈస్ట్రోజెన్ చేసే మేలు ఏమిటో తెలియాలంటే గర్భసంచి లోపలి పొర దగ్గరికి వెళ్లాలి. మామూలు నెలలో మొదటి సగం ఈస్ట్రోజెన్ ఆ పొరను పెంచుతుంది. కొత్త కణాలు వస్తాయి, సన్నని రక్తనాళాలు సాగుతాయి, వాటి చుట్టూ దన్నుగా కణజాలం నిలబడుతుంది. రెండో సగంలో ప్రొజెస్టెరోన్ వచ్చి ఆ పెరుగుదలను ఆపి, పొరను గర్భానికి సిద్ధం చేస్తుంది. గర్భం నిలవకపోతే రెండూ ఒక్కసారి పడిపోతాయి, పొర ఊడి రక్తంతో బయటికి వస్తుంది. అదే నెలసరి.

ప్రొజెస్టిన్ ఒక్కటే రోజూ ఇస్తే ఆ పొర పెరగదు. నెల నెలా పలచబడుతుంది. పలచబడితే రక్తస్రావం తగ్గాలి కదా అనిపిస్తుంది, మొత్తంగా చూస్తే తగ్గుతుంది కూడా. కానీ పలచని పొరలో నాళాల గోడలు పెళుసుగా ఉంటాయి, వాటికి దన్ను ఉండదు. ఇవాళ ఇక్కడ ఒకటి, ఎల్లుండి అక్కడ ఒకటి చిట్లుతాయి. నెలసరిలో పొర అంతా ఒకేసారి ఊడుతుంది, ఇక్కడ అలా కాదు. చిన్న చిన్న చోట్ల కారుతుంది, అందుకే మరకలుగా, గోధుమరంగుగా, ఒక్కోసారి పాలిపోయిన ఎరుపుగా కనిపిస్తుంది. రోజూ కాస్త ఈస్ట్రోజెన్ కలిపితే పొర నిలదొక్కుకుంటుంది. మాత్రలో రెండో హార్మోను అక్కడ చేసే ముఖ్యమైన పని అదే. అండాశయంలో అండం పెరగకుండా అణచడంలోనూ అది ప్రొజెస్టిన్‌కు సాయపడుతుంది.

ఈ సంగతి తెలిస్తే మాత్ర మానేస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. మాత్ర పొద్దున్నో రాత్రో మింగిన తరవాత ఆ హార్మోను రక్తంలో కొన్ని గంటలు ఎక్కువగా ఉండి, మర్నాటికి తరిగిపోతుంది. ఆ సమయానికి ఇంకో మాత్ర వచ్చి నింపాలి. రాకపోతే పొరకు దన్ను తగ్గుతుంది. ఒక్క మాత్ర ఆలస్యమైతే చాలామందికి ఏమీ కాదు, కొందరికి ఓ చుక్క కనిపిస్తుంది. రెండు మూడు వరసగా తప్పితే పొర ఊడడం మొదలుపెడుతుంది. అంటే చివరి గోధుమరంగు మాత్రల వారంలో నెలసరిలా వచ్చే రక్తం, నెల మధ్యలో అకాలంగా వస్తోందన్నమాట. ఆ గోధుమరంగు మాత్రల్లో ఉన్నది ఇనుము మాత్రమే, హార్మోను లేదు. అవి మరిచిపోయినా గర్భం విషయంలో ఏ నష్టమూ లేదు.

మళ్లీ మాత్ర పుట్టిన కథలోకి వస్తే, 1956 ఏప్రిల్‌లో ప్యూర్టోరికోలో శాన్‌హ్వాన్ పక్కన ర్యో పియెద్రాస్ అనే చోట పేదలకు కట్టిన ఇళ్ల సముదాయంలో పెద్ద పరీక్ష మొదలైంది. దాన్ని నడిపిన డాక్టర్ ఎడ్రిస్ రైస్-రే నిజాయితీ గల మనిషి. మాత్ర సరిగ్గా వేసుకున్నవాళ్లకు గర్భం రాలేదని రాసింది, అదే నివేదికలో నూటికి 17 మందికి వికారం, తలతిరగడం, తలనొప్పి, కడుపునొప్పి వంటి బాధలున్నాయని, అన్ని బాధలున్న మాత్ర జనానికి పనికిరాదని కూడా రాసింది. ఆ మాట ఆ రోజుల్లో మాత్ర వైపున్న పెద్దలకు నచ్చలేదు. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఆ ఇళ్లలోని ఆడవాళ్లకు ఇది గర్భం రాకుండా చేసే మాత్ర అని చెప్పారు గానీ, ఇది ఇంకా పరీక్షలో ఉన్న మందని చెప్పలేదు. మనం ఈ రోజు వాడే ప్రతి మాత్రలో వాళ్లకు చెప్పకుండా తీసుకున్న ఆ అప్పు ఉంది.

ఎనొవిడ్‌ను నెలసరి అయిదో రోజునుంచి ఇరవై రోజులు వేసుకోవాలి, తరవాత ఆపాలి, రక్తం వచ్చాక మళ్లీ అయిదో రోజు లెక్కపెట్టాలి. మాత్రలు మామూలు సీసాలో వచ్చేవి. ఇవాళ వేసుకున్నానా లేదా అన్న ప్రశ్నకు సీసా జవాబు చెప్పదు. ఇల్లినాయ్ రాష్ట్రంలో జెనీవా అనే ఊళ్లో డేవిడ్ వాగ్నర్ అనే ఇంజనీరు, ఆయన భార్య డోరిస్ రోజూ ఈ ప్రశ్నతో ఇబ్బందిపడేవాళ్లు. ఆయన ఒక కాగితం మీద వారాలు, రోజులు గీసి, ఒక్కో రోజు మీద ఒక్కో మాత్ర పెట్టి అల్మారా మీద ఉంచాడు. మాత్ర లేకపోతే వేసుకున్నట్టే. కొన్ని వారాలకు ఏదో తగిలి కాగితం కిందపడి మాత్రలన్నీ చెల్లాచెదురయ్యాయి. ఆయన అప్పుడు మాత్రలు పడిపోకుండా పట్టుకునే, తిరిగే చక్రం ఉన్న గుండ్రటి పెట్టె చేశాడు. 1962లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు, 1964లో వచ్చింది. 1963లోనే ఒక కంపెనీ చక్రం ఉన్న డబ్బాలో మాత్రలు అమ్మడం మొదలుపెట్టింది. వాగ్నర్ చేసిన తొలి పెట్టె ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. మన మాలా-ఎన్ అట్టమీద బాణం గుర్తులు, ఒక్కో మాత్రకు ఒక్కో గుంట, అదే ఆలోచన పేద దేశానికి తగ్గట్టు రేకు అట్టలోకి రావడం. మాత్రలు 28 ఉంచి చివరి ఏడింటిలో ఇనుము పెట్టడం కూడా అందుకే. రోజులు లెక్కపెట్టే పని లేకుండా అట్ట అయిపోగానే ఇంకో అట్ట.

ఇంతలో ఈస్ట్రోజెన్ వైపునుంచి వేరే కథ మొదలైంది. 1961లో ఇంగ్లండ్‌లో ఒక పల్లె వైద్యుడు, ఎనొవిడ్ వాడుతున్న ఒక నర్సుకు ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిందని లాన్సెట్ పత్రికలో రాశాడు. తరవాత బ్రిటన్‌లో లెక్కలు కట్టి చూస్తే, రక్తం గడ్డకట్టే ముప్పు ఈస్ట్రోజెన్ మోతాదుతోపాటు పెరుగుతోందని తేలింది. 1969 డిసెంబరులో అక్కడి ఔషధ భద్రతా కమిటీ 50 మైక్రోగ్రాముల కంటే ఎక్కువ ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు వద్దని చెప్పింది. 1970ల్లో 30 మైక్రోగ్రాముల మాత్రలొచ్చాయి. మాలా-ఎన్‌లో ఉన్నది ఆ 30 మైక్రోగ్రాములే.

ఆ తగ్గింపు ఎందరో ప్రాణాలు కాపాడింది. దానికి చెల్లించిన మూల్యం మాత్రం మధ్యలో రక్తమే. ఈస్ట్రోజెన్ తగ్గేకొద్దీ పొరను నిలిపే బలం తగ్గుతుంది, అందుకే తక్కువ మోతాదు మాత్రల్లో మొదటి మూడు నెలలు మరకలు కనిపించడం మామూలే. వేసుకోగా వేసుకోగా చాలామందికి అవే ఆగిపోతాయి. రెండో సంగతి, పాత మాత్రలో మోతాదు చాలా ఎక్కువ కాబట్టి ఒక మాత్ర తప్పినా కొంత మిగులు ఉండేది. ఇప్పటి మాత్రలో మిగులు తక్కువ. మరిచిపోతే ఒళ్లు వెంటనే చెబుతుంది.

ఇప్పుడు మన జిల్లాల సంగతి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లైన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆపరేషనే చేయించుకుంటారు. మాత్రలు వాడేవాళ్లు నూటికి ఒకరు కూడా లేరు. దానివల్ల ఒక నష్టం ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మాత్ర వాడే ఆడమనిషికి పక్కింట్లో అడగడానికి అదే మాత్ర వాడిన మనిషి ఉండదు. మరక కనిపించగానే అమ్మ, అత్త, ఆడబిడ్డ అందరూ చెప్పేది ఒకటే, మాత్ర వేడిచేసింది, ఆపేయ్ అని. ఆ మూడు మాటల వల్ల గర్భం వచ్చినవాళ్లు ఎంతమందో.

ఒక ఉదాహరణ పూర్తిగా వేసి చూద్దాం. పూసపాటిరేగ తీరంలో ఒక ఇల్లాలు ఉందనుకుందాం. మొదటి బిడ్డకు ఏడాదిన్నర, రెండో బిడ్డకు కొంచెం ఎడం కావాలి. బీపీ చూపించుకుని, నెలసరి మూడో రోజు మాలా-ఎన్ మొదలుపెట్టింది. రోజూ రాత్రి ఎనిమిదింటికి అన్నం తిన్నాక వేసుకుంటోంది. ఆదివారం రాత్రికి తొమ్మిది మాత్రలయ్యాయి. సోమవారం పొద్దున్నే పైడితల్లమ్మ పండగకు విజయనగరంలో పుట్టింటికి వెళ్లింది. సోమవారం తొలేళ్లు, మంగళవారం సిరిమాను. అట్ట ఇంట్లోనే ఉండిపోయింది. పదో మాత్ర, పదకొండో మాత్ర పోయాయి. మంగళవారం రాత్రి బట్ట మీద మరక కనిపించింది. బుధవారం రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరేసరికి రక్తం కాస్త పెరిగింది. వీధిలో ఆశా కార్యకర్త కనిపిస్తే ఆపి అడిగింది.

“ఏటప్పా, నెల గాకముందే మరకలవుతన్నాయి. ఈ మాత్ర నాకు పడ్డం నేదేటి?”

“పడక కాదమ్మా. పండక్కెల్లి రెండు మానేసినావు గదా, అందుకే. ఆపీకు, ఇప్పుడే వేసుకో.”

ఆ జవాబు సరైనదే. చివరి మాత్ర వేసుకుని 72 గంటలైంది, రెండు మాత్రలు తప్పాయి. ఇప్పుడు చేయాల్సింది ఇది. తప్పిన వాటిలో తాజాది, అంటే మంగళవారపు పదకొండో మాత్ర, వెంటనే వేసుకోవాలి. సోమవారపు పదో మాత్రను వదిలెయ్యాలి. బుధవారపు పన్నెండో మాత్ర దాని వేళకు వేసుకోవాలి, ఈమె విషయంలో రెండూ ఒకే పూట పడతాయి, కాస్త వికారంగా ఉండొచ్చు. తరవాత రోజుకొకటి. ఏడు రోజులు వరసగా తెల్ల మాత్రలు పడేదాకా, అంటే పద్దెనిమిదో మాత్ర దాకా, భర్త కండోమ్ వాడాలి, లేదా దూరంగా ఉండాలి. రక్తం మాత్ర మొదలుపెట్టగానే ఆగిపోదు. ఒకటి రెండు రోజులు, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువ కనిపించి తగ్గుతుంది. అది తగ్గేదాకా మాత్ర ఆపాలనుకోవడమే పెద్ద పొరపాటు.

ఏడు రోజులే ఎందుకు? అండాశయం నిద్రపోవడానికి వరసగా ఏడు మాత్రలు చాలు. అలా నిద్రపోయినది లేవడానికి ఏడు రోజులకు మించి ఖాళీ కావాలి. ఏడు రోజులు మాత్ర లేకపోయినా అండం విడుదల కాదని 1980ల మధ్యలో హార్మోన్లు కొలిచి చూసినవాళ్లు తేల్చారు. గోధుమరంగు మాత్రల వారం సరిగ్గా ఏడు రోజులు ఉండడం ఆ సరిహద్దు మీద నిలబడినట్టే. అందువల్ల మధ్యలో తప్పిన మాత్ర కంటే కొత్త అట్టలో మొదటి తెల్ల మాత్రలు తప్పడం చాలా ప్రమాదం. పై ఇల్లాలే ఆ పండగకు కొత్త అట్ట మొదలుపెట్టాల్సిన రోజున వెళ్లి ఉంటే, ఏడుకు తోడు ఇంకో రెండు రోజులు, తొమ్మిది రోజుల ఖాళీ. అప్పుడు భర్తతో కలిసి ఉంటే అత్యవసర మాత్ర అవసరం కావచ్చు. చిత్రమేమిటంటే, ఆ తప్పుకు మరకలే కనిపించకపోవచ్చు. గోధుమ వారం రక్తంలో కలిసిపోయి ఎవరికీ అనుమానం రాదు. మూడో వారంలో రెండు తప్పితే మాత్రం గోధుమరంగువి మింగకుండా, తెల్లవి అయిపోగానే కొత్త అట్ట మొదలుపెట్టాలి.

ఒక తప్పు మాత్రం ఈ కథలో మళ్లీ మళ్లీ జరుగుతుంది. మధ్యలో రక్తం రాగానే అదే నెలసరి అనుకుని అట్ట పడేయడం, అది తగ్గాక అయిదో రోజు లెక్కపెట్టి కొత్త అట్ట మొదలుపెట్టడం. ఆ మధ్య రోజులన్నీ ఖాళీ రోజులే.

వేట మీద వేరావల్ వెళ్లే మత్స్యకారుల ఇళ్లలో ఇంకో రకం ఖాళీ ఉంటుంది. మగవాళ్లు నెలల తరబడి గుజరాత్‌లో పడవల మీద ఉంటారు. ఆయన లేనప్పుడు మాత్ర ఎందుకని ఆపడం, వస్తున్నాడని కబురు రాగానే మొదలుపెట్టడం. అలా మొదలుపెట్టిన ప్రతిసారీ మళ్లీ మొదటి నెలే, మళ్లీ మరకలే, నెలసరి తొలి అయిదు రోజుల్లో మొదలుకాకపోతే ఏడు మాత్రల దాకా రక్షణ లేదు. నాలుగు వారాలకు మించి ఆపి మళ్లీ మొదలుపెడితే రక్తం గడ్డకట్టే ముప్పు కూడా మొదటి నెలల్లో ఉన్నంత పెరుగుతుంది. ఆ ఇళ్లకు మాత్ర కంటే కాపర్-టి నయమని నా అభిప్రాయం.

ఈ తీరంలోనే కొన్ని పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్లు చుట్టను నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. ముంబయి టాటా పరిశోధన సంస్థ వాళ్లు శ్రీకాకుళం జిల్లా ఊళ్లలో దాన్ని ఏనాడో అధ్యయనం చేశారు. పొగ తాగేవాళ్లకు మాత్ర మీద ఉన్నప్పుడు మరకలు ఎక్కువని 1996లో అమెరికాలో చూశారు, పొగ ఒంట్లో ఈస్ట్రోజెన్ ప్రభావాన్ని తగ్గిస్తుంది. 35 దాటి పొగ తాగే మనిషికి ఈ మాత్రే వద్దు, గుండెకు, మెదడుకు ముప్పు.

మరక ఏ మాత్రా తప్పకుండా వచ్చినప్పుడు అడగాల్సిన ప్రశ్న వేరు. 1971లో జర్మనీలో క్షయ వైద్యులు రైమర్స్, జెజెక్ ఒక విచిత్రం గమనించారు. గర్భనిరోధక మాత్ర రోజూ వేసుకుంటున్న క్షయ రోగుల్లో నూటికి 75 మందికి రిఫాంపిసిన్ మొదలుపెట్టాక నెలసరి గతి తప్పింది, మధ్యలో రక్తం కనిపించింది. తరవాత కొందరికి గర్భమూ వచ్చింది. రిఫాంపిసిన్ కాలేయంలో హార్మోన్లను విరిచే ఎంజైములను పెంచుతుంది, మింగిన మాత్ర మింగినట్టే విరిగిపోతుంది. అంటే రోజూ వేసుకుంటున్నా వేసుకోనట్టే. అక్కడ మరక నిజంగా హెచ్చరిక. మన ప్రభుత్వం ఇచ్చే క్షయ మందుల్లో రిఫాంపిసిన్ ఉంటుంది. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజిపైన్ కూడా అదే పని చేస్తాయి. ఈ మందులు వాడేవాళ్లు కాపర్-టి లేదా ఇంజక్షన్ వంటి వేరే పద్ధతికి మారాలి, రిఫాంపిసిన్ ఆపిన తరవాత కూడా మరో నాలుగు వారాలు దాని ప్రభావం ఉంటుంది. మాత్ర మింగిన మూడు గంటల్లోపు వాంతయినా అది వేసుకోనట్టే లెక్క, ఇంకోటి వేసుకోవాలి.

ఇవేవీ లేకుండా రోజూ వేళకు వేసుకుంటూ మొదటి మూడు నెలల్లో మరకలైతే మాత్ర పనిచేస్తున్నట్టే, భయం లేదు. మూడు నెలలు దాటినా ఆగకపోతే, భార్యాభర్తలు కలిసిన తరవాతే రక్తం కనిపిస్తే, దుర్వాసనతో తెల్లబట్ట ఉంటే, కడుపునొప్పి జ్వరం ఉంటే పీహెచ్‌సీలో చూపించుకోవాలి. క్లమిడియా లాంటి ఇన్ఫెక్షను, గర్భాశయ ముఖద్వారంలో పుండు, గర్భమే కూడా మాత్ర మీద నెపం వేసుకుని దాక్కుంటాయి.

ఆశా కార్యకర్తలకు ఒక మనవి. అట్ట చేతికిచ్చేటప్పుడు రోజుకొకటి అని చెప్పి ఊరుకోకండి. మొదటి మూడు నెలలు మరక కనిపించొచ్చు, కనిపిస్తే ఆపొద్దు, ముందు అట్ట తీసి ఎన్ని తెల్ల మాత్రలు మిగిలాయో, ఎన్ని మిగలాలో లెక్కచూడు అని చెప్పండి. రెండు తప్పితే ఏడు రోజులు కండోమ్ అని, కొత్త అట్ట ఒక్క రోజు కూడా ఆలస్యం కాకూడదని కూడా అప్పుడే చెప్పండి, ఆ అట్టతోపాటే రెండు కండోమ్ పాకెట్లు ఇవ్వండి.